లాభం మీద పన్ను ఉండగా టర్నోవర్ మీద డిజిటల్ ట్యాక్స్ ఎందుకు?

ప్రశ్న: గూగుల్, మెటా లాంటి కంపెనీలు లాభం మీద పన్ను కడతాయి కదా, మళ్లీ ఆదాయం మీద డిజిటల్ ట్యాక్స్ ఎందుకు వేస్తారు? ఇండియాలో అది ఇంకా ఉందా?

జవాబు:

ఇప్పుడు లేదండీ. మన డిజిటల్ ట్యాక్స్ పేరు ఈక్వలైజేషన్ లెవీ. ఆన్‌లైన్ ప్రకటనల మీద 6 శాతం లెవీ 2016 జూన్‌లో మొదలై 2025 ఏప్రిల్ 1న పోయింది. ఈ-కామర్స్ మీద 2020లో వేసిన 2 శాతం అంతకుముందే, 2024 ఆగస్టులో ఎత్తేశారు.

చిన్న వ్యాపారుల లెక్కలు చూసేవాడిని కాబట్టి ఆ 6 శాతంతో నాకు బాగా పరిచయం. ప్రకటన బిల్లు ఐర్లాండ్ కంపెనీ పేరున వచ్చిందా, ఇక్కడి కంపెనీ పేరున వచ్చిందా అన్నది ముందు చూసుకోవాల్సి వచ్చేది. ఇక్కడి పేరుంటే మామూలు టీడీఎస్. విదేశీ పేరుండి, ఏడాదికి ఆ కంపెనీకి ఇచ్చేది లక్ష దాటితే లెవీ పడేది. 2 లక్షల బిల్లులో 12 వేలు పట్టుకుని, మిగతాది వాళ్లకు పంపి, వచ్చే నెల 7లోగా ఆ 12 వేలు ప్రభుత్వానికి కట్టాల్సి వచ్చేది. కానీ కార్డు నుంచి 2 లక్షలూ ముందే లాగేసుకుంటే పట్టుకోవడం ఎక్కడ? మా క్లయింట్లు ఆ 12 వేలూ జేబులోంచే కట్టారు. విదేశీ కంపెనీ మీద వేసిన పన్ను చివరికి మన దుకాణదారు మీద పడింది.

మరి ఎందుకు వేశారంటే, పన్ను ఒప్పందాల ప్రకారం విదేశీ కంపెనీ వ్యాపార లాభం మీద పన్ను వేయాలంటే దానికి మన దేశంలో ఆఫీసో, శాఖో, అలాంటి స్థిర స్థావరం ఉండాలి. ప్రకటనలు అమ్మడానికి అది అక్కర్లేదు. పైగా లాభాన్ని రాయల్టీల పేరుతో తక్కువ పన్నున్న దేశానికి తరలించవచ్చు. అమ్మకాలను అలా దాచడం కష్టం. ఒప్పందం మార్చాలంటే అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి. అందుకే మన లెవీని ఆదాయపు పన్ను చట్టంలో కాకుండా 2016 ఫైనాన్స్ చట్టంలో విడిగా పెట్టారు, ఒప్పందాలు అడ్డురాకుండా. ఫ్రాన్స్ 2019లో 3 శాతంతో ఇలాంటి దారే పట్టింది.

చిక్కంతా మార్జిన్‌లో ఉంది. 100 రూపాయల అమ్మకం మీద 30 మిగిలే కంపెనీకి 3 శాతం అంటే లాభంలో పదో వంతు. 5 రూపాయలే మిగిలే కంపెనీకి అదే 3 రూపాయలు లాభంలో 60 శాతం. నష్టంలో ఉన్నా కట్టాల్సిందే. బ్రిటన్ తన 2 శాతం పన్నులో ఇది గమనించి, మార్జిన్ తక్కువున్నవాళ్లకు వేరే లెక్క ఎంచుకునే వీలిచ్చింది. మన చట్టంలో ఆ ఊసే ఉండేది కాదు, అది నాకు అన్యాయంగానే అనిపించేది.

ఈ పన్నులు ఎక్కువగా తగిలేది అమెరికా కంపెనీలకే కాబట్టి ఆ దేశం ఊరుకోదు. 2025 జూన్‌లో ట్రంప్ వాణిజ్య చర్చలు ఆపేయగానే, కెనడా మొదటి వాయిదా కట్టాల్సిన ముందురోజు రాత్రి తన పన్నును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది.

మీకు 2025 మార్చి 31 వరకు విదేశీ ప్రకటన బిల్లులుంటే మాత్రం రద్దయిందని వదిలేయకండి. అప్పటి బకాయికి వడ్డీ నడుస్తూనే ఉంటుంది.