పవన్‌కి, ఆదివారం ఆ అమ్మాయిని కలిసే ముందు

తమ్ముడూ,

కలుస్తున్నందుకు సంతోషం రా. కానీ "అక్కా, ఒక్క గంట నత్తి బయటపడకుండా ఎలా మేనేజ్ చెయ్యాలి" అని అడిగావు చూడు, దానికి మాత్రం నేను హెల్ప్ చెయ్యను. నాకూ చిన్నప్పటినుంచి నత్తే కదా, దాచడం ఎలాగో బాగా తెలుసు, దాస్తే ఏమవుతుందో కూడా తెలుసు. 'క' దగ్గర ఆగిపోతామేమోనని కాఫీ తాగాలనున్నా టీ చెప్తాం, కడప అనడానికి భయమేసి "రాయలసీమ వైపు" అంటాం, వేరే మాట దొరక్కపోతే గుర్తు రానట్టు ఊరుకుంటాం. బయటికి బాగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ బుర్రంతా తర్వాతి మాట వస్తుందా రాదా అన్నదాని మీదే ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తుండదు. అలా అయిందంటే ఆ గంటంతా దాక్కోవడానికే సరిపోయిందన్నమాట. పైగా తప్పించుకున్నకొద్దీ ఆ అక్షరమంటే భయం ఇంకా పెరుగుతుంది.

అందుకే ముందే చెప్పెయ్. యాప్‌లో మ్యాచ్ అయిన రోజే చెప్పాలని లేదు, కలుద్దాం అని ఫిక్స్ అయ్యాక మెసేజ్ పెడితే చాలు, ఇలా:

"ఒక విషయం చెప్పాలి, నాకు నత్తి ఉంది. కొన్ని మాటల దగ్గర కాసేపు ఆగిపోతా, నా పేరు దగ్గర మరీనూ. ఆ మాట నువ్వు అందించక్కర్లేదు, కొంచెం ఆగితే నేనే చెప్తా."

అంతే. సారీలు, ఏమనుకోకులు పెట్టకు, అవి పెడితే తను నిన్ను ఓదార్చే పనిలో పడుతుంది. చివరి మాట మాత్రం తీసెయ్యకు, ఎందుకంటే మనం ఆగిపోతే ఏం చెయ్యాలో చాలామందికి తెలీదు, సాయం అనుకుని మన మాట వాళ్లే పూర్తి చేసేస్తారు. "ఓకే, ఎన్నింటికి?" అని రిప్లై వస్తే ఇక ఆ టాపిక్ వదిలెయ్. మెసేజ్‌లు తగ్గిపోతే బాధేస్తుంది, కాదనను, కానీ ఆ సంగతి ఎదురుగా కూర్చున్నాక తెలియడం కంటే నయం.

చర్చ్ స్ట్రీట్‌లో మ్యూజిక్ గట్టిగా పెట్టే కెఫేలు వద్దు. ఆ గోలలో గొంతు పెంచాలి, పెంచితే బిగుసుకుంటుంది, వినపడక తను "ఏంటీ?" అంటే కష్టపడి చెప్పిన మాటే మళ్లీ చెప్పాల్సొస్తుంది. పొద్దున్నే కబ్బన్ పార్క్‌కి వెళ్లండి, మెట్రో దిగితే అక్కడే. పక్కపక్కన నడుస్తుంటే ఎవరో మొహంలోకే చూస్తున్నట్టు ఉండదు, కాసేపు మాటల్లేకపోయినా నడక ఉంటుంది, కొత్తవాళ్లంటే నీకుండే ఆ కంగారు కూడా కొంచెం దిగుతుంది. గంట తర్వాత వెళ్లాలని ముందే చెప్పి ఉంచు.

ఇక నీ పేరు. మిగతా మాటలు మార్చుకోవచ్చు, పేరు మార్చలేం, అందుకే చాలామందికి అక్కడే ఆగుతుంది. నువ్వు 'ప' దగ్గర ఆగినప్పుడు నేను గమనించా, పెదాలు గట్టిగా నొక్కేస్తావు, ఊపిరి బిగబట్టేస్తావు, చూపు కిందకి పోతుంది. ఇంకా బలంగా నెట్టావో, ఇంకా బిగుస్తుంది. ఈసారి ఆగినప్పుడు నెట్టకుండా అక్కడే ఉండు, పెదాలు ఎంత బిగుసుకున్నాయో గమనించి మెల్లగా వదులు చెయ్యి, కొంచెం గాలి బయటికి రానీ, ఆ గాలితోనే "పఅఅవన్" అని సాగదీస్తూ బయటికి రా. చూపు తన మీదే ఉంచు. స్పీచ్ థెరపీలో దీన్ని పుల్-అవుట్ అంటారు, చార్లెస్ వాన్ రైపర్ అనే అమెరికన్ థెరపిస్ట్ పద్ధతి, ఆయనకీ నత్తి ఉండేది.

ఇంకోటి చెప్తే నీకు వింతగా ఉంటుంది. కలిసిన మొదటి రెండు నిమిషాల్లో, నీకు ఈజీగా వచ్చే మాట మీద కావాలనే నత్తిగా మాట్లాడు, "నే-నే-నేను మెట్రోలో వచ్చా" అని. ఏది బయటపడుతుందని భయపడుతున్నావో అది నీ చేతుల మీదుగానే బయటపడిపోతుంది, దాన్ని కాపలా కాసే పని ఉండదు. అయితే ఇది మొదటిసారి తన ముందే ట్రై చెయ్యకు, ఈ వారం దర్శిని హోటల్లో టిఫిన్ టోకెన్ తీసుకునేటప్పుడు, ఆటో అతనితో చేసి చూడు.

తను మాట అందించేస్తే నవ్వుతూ "ఆగు, నేనే చెప్తా" అని ఆ మాట పూర్తిగా నువ్వే చెప్పు. "టెన్షన్ పడుతున్నావా?" అని అడిగితే నత్తి టెన్షన్ వల్ల వచ్చేది కాదని, టెన్షన్‌లో ఎక్కువవుతుందంతే అని చెప్పు.

వీటితో నత్తి పోదు రా, ఒకరోజు బాగుంటుంది, ఇంకోరోజు ప్రతి మాటకీ ఆగుతుంది. బాగున్న రోజు చూసి తగ్గిపోయిందనుకోకు. ఒకవేళ భయంతో ముందురోజు నిద్ర పట్టక, ప్రతిసారీ చివరి నిమిషంలో క్యాన్సిల్ చేసే వరకు వస్తే మాత్రం అది నత్తి ఒక్కటే కాదు, నిమ్హాన్స్‌లో చూపించుకుందాం, నేనూ వస్తా. ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ వాళ్ల సెల్ఫ్ హెల్ప్ గ్రూప్ కూడా బెంగళూరులో ఉంది, అక్కడ అందరూ మనలాంటివాళ్లే, ఎవరూ మాట అందించరు.

శనివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు, ఫోనే. ఎత్తగానే నీ పేరు చెప్పు, ఎంతసేపైనా లైన్‌లో ఉంటా.

అక్క