స్వాగతం చెప్పబోయే మేనకోడలికి

చిన్నీ,

మామయ్య ఆశీస్సులు. డిసెంబరులో వరంగల్‌లో మీ ఇంజనీరింగ్ కాలేజీ బ్యాచ్ రీయూనియన్ డిన్నర్ ఉందనీ, స్వాగతం చెప్పేది నువ్వేననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందే అనేస్తాను. నాలుగు నిమిషాలు దాటకు. మైకు సాయంత్రమే చూసుకో. బఫే మూతలు తీయకముందే మాట్లాడెయ్, ప్లేటు చేతికొచ్చాక ఎవరూ వినరు. 1959లో నెహ్రూ వచ్చి కాలేజీకి శంకుస్థాపన చేశారని మొదలుపెట్టకు. ఆ సంగతి ఆ క్యాంపస్‌లో కుక్కపిల్లకి కూడా తెలుసు. మధ్యలో కాలేజీ పేరు మారడంతో మీరు 1999లో ఆర్ఈసీలో చేరి 2003లో నిట్ నుంచి బయటపడ్డారు. ఆ ముచ్చట ఒక్క వాక్యంలో అంటే చాలు, నవ్వుతారు. అప్పట్లో సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్లవే కదా, కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడు. నువ్వు తెలుగులో జోకు వేసి మనవాళ్లు పగలబడి నవ్వుతుంటే, బీహార్ నుంచి వచ్చినవాడు పక్కవాడి మొహం చూస్తూ కూర్చోవాలా?

ఇక జ్ఞాపకం. లేడీస్ హాస్టల్ కథ చెబుతానన్నావట. వద్దు. అది మీ గది నలుగురిది. మెస్ కథ చెబితే హనుమకొండ నుంచి రోజూ వచ్చిపోయిన డేస్కాలర్లకు పట్టదు, కాజీపేట స్టేషన్ కథా అంతే. అందరికీ చెందేది ఫస్టియర్ వర్క్‌షాప్ ఒక్కటే. సివిల్ అయినా కంప్యూటర్స్ అయినా ఫిట్టింగ్ షాప్ ఎవరికీ తప్పలేదు. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దీ రుద్దీ, రెండు ముక్కలూ కలిపి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, అతుకు సందులోంచి వెలుతురు సన్నగా గీతలా కనిపించేది. ‘మళ్లీ రుద్దు’ అనేవారు. ఆ గీత ఒక్కటి చెప్పు. ఎవరి గీత ఎంత లావో వాళ్లే గుర్తు తెచ్చుకుంటారు.

అసలు నా భయం వేరే ఉంది. పోయినవాళ్ల పేర్లు.

మా పాతికేళ్ల కలయికలో స్వాగతం చెప్పింది మా మిత్రుడొకడు. పేరెందుకులే. మంచి వక్త, హాలంతా చేతిలో పెట్టుకున్నాడు. చివర్లో గొంతు తగ్గించి, మనల్ని వదిలి వెళ్లినవాళ్లు అంటూ జాబితా చదివాడు. లేచి నిలబడ్డాం. కూర్చోబోతుంటే మూడో వరసలో ఒకావిడ ఇంకా నిలబడే ఉంది. భర్త స్లైడ్ రూలు చూపిద్దామని సంచిలో పెట్టుకుని నాగపూర్ నుంచి రైల్లో వచ్చిందావిడ. పక్కనున్న నన్ను, ‘ఆయన మీ బ్యాచ్ కాదా అన్నయ్యగారూ?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఎలా జరిగిందంటే, జాబితా బ్రాంచీల వారీగా కూర్చారు. ఆయన సివిల్‌లో చేరి రెండో ఏడు ఎలక్ట్రికల్‌కు మారాడు. సివిల్ వాళ్లు ఎలక్ట్రికల్ వాళ్లు రాస్తారనుకున్నారు, వాళ్లేమో వీళ్లు రాస్తారనుకున్నారు. ఎవరి తప్పూ లేదు, పేరు మాత్రం లేదు. మావాడు మైకు దగ్గరికి మళ్లీ పరిగెత్తి ఆ పేరు చదివాడు. అలా విడిగా చదవడం ఇంకా ఘోరంగా ఉంది. ఆవిడ భోజనం చేయకుండానే వెళ్లిపోయింది.

కాబట్టి నువ్వు వాట్సాప్ గ్రూపును నమ్మకు, గ్రూపులో లేనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఫస్టియర్ సెక్షన్ల జాబితా సంపాదించు, ఫైనలియర్‌ది కాదు. బ్రాంచి మారినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు, ఒక ఏడాది వెనకబడి వేరే బ్యాచ్‌తో పాసైనవాళ్లు, అందరూ అందులో దొరుకుతారు. ఒక్కో పేరుకూ ఇద్దరు విడివిడిగా అవునన్నాకే రాసుకో. బతికున్నవాణ్ణి చదివేయడం కూడా జరిగే పనే, నవ్వకు. ఇంటివాళ్లకు ముందే ఫోన్ చేసి చదవమంటారా అని అడుగు, ఒద్దంటే వదిలెయ్. పేరు ఎలా పలకాలో కూడా వాళ్లనే అడుగు, ముఖ్యంగా మలయాళీలవీ బెంగాలీలవీ. బ్రాంచి చెప్పకుండా అక్షరక్రమంలో చదువు. ‘తదితరులు’ అన్న మాట నీ నోట రాకూడదు.

ఆ భాగం మొదట్లోనే పెట్టు. దుఃఖం నుంచి ఫిట్టింగ్ షాప్‌లోకి రావచ్చు కానీ, నవ్విస్తూ నవ్విస్తూ చివర్లో మౌనం పాటించమంటే, ఆ వెంటనే భోజనానికి లేవడానికి ఎవరికీ కాళ్లు రావు. జాబితా ఫోన్లో చూసి చదవొద్దు, సరిగ్గా అప్పుడే స్క్రీన్ ఆరిపోతుంది. పెద్దక్షరాల్లో కాగితం మీద ప్రింటు తీయించుకో. నీకూ చత్వారం వచ్చే వయసే, కోప్పడకు.

రాసింది ఆదివారం ఫోన్లో చదివి వినిపించు, గడియారం నేను పట్టుకుంటాను. పచ్చిక మీద డిన్నరంటున్నారు, డిసెంబరు చలి, శాలువా మరిచిపోకు. చిన్నప్పటి నుంచీ నీకు గొంతు పట్టేసేది ముందు.

మీ మామయ్య