లారీని ఒకచోట నిలబెట్టి షియర్ లెక్కేస్తే ఎక్కడ దెబ్బతింటాం?

ప్రశ్న: బీమ్ మీద లారీ కదులుతూ పోతుంటే సపోర్ట్ రియాక్షన్, మధ్యలో ఒక సెక్షన్ దగ్గర షియర్ ఎప్పుడు ఎక్కువ వస్తాయి? మామూలు షియర్ ఫోర్స్ డయాగ్రమ్ గీస్తే సరిపోదా, ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ తప్పనిసరా?

సరిపోదు. నేను అలాగే చేసి ఆఫీసులో అందరి ముందూ చీవాట్లు తిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

2019లో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేరిన కొత్త. క్వారీ టిప్పర్లు తిరిగే దారిలో, కాలువ మీద 10 మీటర్ల స్పాన్ వంతెన ఉంది. టిప్పర్‌కి తట్టుకుంటుందో లేదో చూడమని నాకు అప్పగించారు. ఎడమ సపోర్ట్ A, కుడి సపోర్ట్ B, చూడాల్సిన సెక్షన్ C ఏమో A నుంచి 4 మీటర్ల దగ్గర. టిప్పర్‌కి మూడు యాక్సిళ్లు. 2018లో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం ముందు యాక్సిల్ మీద 7.5 టన్నులు, వెనక జంట మీద 21 టన్నులు. టన్నుకి 10 కిలోన్యూటన్ల చొప్పున 75, 105, 105, మొత్తం 285. ముందు యాక్సిల్‌కి, వెనక జంటలో మొదటిదానికి మధ్య 3.6 మీటర్లు, జంట మధ్య 1.4. (క్వారీ టిప్పర్లు ఆ పరిమితిలో నడుస్తాయా అని అడక్కండి, అది వేరే గోల.)

రియాక్షన్ వరకు నేను బాగానే చేశాను. ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ అంటే ఒక యూనిట్ బరువు బీమ్ మీద ఎక్కడుంటే మనకి కావలసిన విలువ ఎంత వస్తుందో ఆ చోటే ఎత్తుగా చూపే గీత. A దగ్గర రియాక్షన్‌కి అది A దగ్గర 1, B దగ్గర 0, మధ్యలో వాలుగా ఒక్క సరళరేఖ. బరువైన యాక్సిల్ A మీద ఉండాలి, మిగతావి స్పాన్ మీదే ఉండాలి. టిప్పర్ B వైపు పోతున్నప్పుడు చివరి యాక్సిల్ A మీద, రెండోది 1.4 మీటర్ల దగ్గర, ముందుది 5 మీటర్ల దగ్గర ఉంటాయి. అక్కడ గీత ఎత్తులు 1, 0.86, 0.5. కాబట్టి 105 + 90.3 + 37.5 = 232.8 కిలోన్యూటన్లు. అదే టిప్పర్ A వైపు వస్తుంటే, ముందు చక్రం A మీదున్నప్పుడు 194.7. ముందు చక్రం వంతెన దాటిపోయి జంటలో మొదటిది A మీదికొస్తే 195.3. దిశ మారితే దాదాపు 40 కిలోన్యూటన్ల తేడా! పరీక్షల్లో ‘లారీ ఎడమ నుంచి కుడికి పోతోంది’ అని ఒక్క దిశే ఇచ్చి ఇచ్చి మనకి రెండోవైపు చూసే అలవాటే పోగొట్టారు. వంతెన మీద బళ్లు రెండు వైపులా తిరుగుతాయి కదా.

ఇక నా తప్పు. రియాక్షన్ గరిష్ఠంగా వచ్చింది కదా అని టిప్పర్‌ని అదే చోట వదిలేసి షియర్ ఫోర్స్ డయాగ్రమ్ గీసి, C దగ్గర విలువ చదివాను. 232.8లోంచి రెండు 105లు తీసేస్తే 22.8. ఎదురుగా టిక్ పెట్టి, కాగితం చెకింగ్‌కి పంపించేశాను.

మా సీనియర్ సార్ ఒక్క నిమిషం చూసి, ‘ఏమయ్యా, టిప్పర్ని అక్కడే పార్క్ చేయించావా?’ అన్నారు. తర్వాత డ్రాయర్లోంచి పాత పెళ్లి శుభలేఖ తీసి, అంచు వెంట సన్నటి పట్టీ కత్తిరించారు. మీటరుకి 2 సెంటీమీటర్ల స్కేల్లో పట్టీ మీద మూడు గుర్తులు పెట్టి, 75, 105, 105 అని రాశారు. అదే స్కేల్లో కాగితం మీద C దగ్గర షియర్ ఇన్‌ఫ్లుయెన్స్ లైన్ గీశారు. A దగ్గర 0తో మొదలై కిందికి దిగుతూ C కి ఒక వెంట్రుకవాసి ఎడమన −0.4 దాకా పోతుంది. C దాటగానే ఒక్కసారిగా +0.6 కి ఎగురుతుంది. అక్కణ్నుంచి వాలుతూ B దగ్గర 0. ఆ పట్టీని గీత కింద నెమ్మదిగా జరుపుతూ ఎత్తులు చదవమన్నారు.

B వైపు పోయే టిప్పర్ చివరి యాక్సిల్ C కి సరిగ్గా కుడి పక్కన ఆగితే ఎత్తులు 0.6, 0.46, 0.1. షియర్ 63 + 48.3 + 7.5 = 118.8. నా 22.8 ఎక్కడ, ఇదెక్కడ! అయిదు రెట్లు. షియర్ ఫోర్స్ డయాగ్రమ్‌లో లారీ ఆగి ఉంటుంది, సెక్షన్ మారుతుంది. మనకి కావలసింది సెక్షన్ కదలకుండా ఉండి లారీ మారడం. నేను ఒకదానికి గీసి రెండోదానికి జవాబు చదివాను.

నాకు అప్పటికీ అనుమానం తీరక, టిప్పర్‌ని ఇంకాస్త జరిపితే పెరగదా అని అడిగాను. సార్ చెప్పిన లెక్క ఇది. పట్టీని A వైపు జరుపుతుంటే ప్రతి ఎత్తూ పెరుగుతుంది, కాబట్టి షియర్ మీటరుకి 285/10, అంటే 28.5 చొప్పున పెరుగుతుంది. కానీ ఒక యాక్సిల్ C దాటిన క్షణంలో ఎత్తు 0.6 నుంచి −0.4 కి పడుతుంది, అంటే ఆ యాక్సిల్ బరువంతా, 105, ఒక్కసారే పోతుంది. 118.8 కాస్తా 13.8 అవుతుంది. తర్వాతి యాక్సిల్ C కి చేరాలంటే 1.4 మీటర్లు జరపాలి, దానివల్ల వచ్చేది 39.9 మాత్రమే. 105 పోగొట్టుకుని 39.9 సంపాదిస్తే 53.7. కాబట్టి జరపకూడదు.

అయితే ‘మొదటి చక్రం సెక్షన్ మీద పెట్టు, అయిపోయింది’ అని గైడ్లలో రాసే చిట్కా నమ్మకండి. టిప్పర్ A వైపు వస్తుంటే ముందు చక్రం C మీద పెడితే 80.7 వస్తుంది. దాన్ని C దాటించి 3.6 మీటర్లు జరిపితే పోయేది 75, వచ్చేది 102.6. షియర్ 108.3 కి పెరుగుతుంది, ముందు చక్రం నెగటివ్ వైపున ఉన్నా సరే. తేలికైన యాక్సిల్ వెనక పెద్ద ఖాళీ ఉంటే దాన్ని దాటనివ్వాలి. మన లారీలన్నీ అలాంటివే, ముందు తేలిక, వెనక బరువు. నెగటివ్ షియర్ కూడా చూడాలి. A వైపు పోయే టిప్పర్ చివరి యాక్సిల్ C కి సరిగ్గా ఎడమన ఉంటే, జంట రెండూ కలిపి −69.3. ముందు చక్రం అప్పటికే వంతెన దిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మూవింగ్ లోడ్ ఇస్తే అంతా అదే చూసుకుంటుందని కుర్రాళ్ల ధీమా. లారీని ఎంత దూరానికోసారి జరపాలో మనమే ఇస్తాం. ఆ స్టెప్ పెద్దదిచ్చి చివరి యాక్సిల్ 4.3 దగ్గర ఆగితే 110.25 వస్తుంది. అంతకు ముందు స్టెప్‌లో అది ఇంకా C కి ఎడమనే ఉంటుంది, కాబట్టి 118.8 రిపోర్టులో ఎక్కడా కనబడదు. ఒక సెక్షన్‌కైనా చేత్తో వేసి చూస్తే అది బయటపడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినరు, రంగురంగుల డయాగ్రమ్ వచ్చింది కదా అంటారు.

పై అంకెలన్నీ యాక్సిల్ మొత్తం బరువుకి వేసినవి. ఒక్కో గర్డర్‌కి ఎంత వాటా అనేది, ఇంపాక్ట్‌కి ఎంత కలపాలనేది ఆ తర్వాతి లెక్కలు. కంటిన్యువస్ బీమ్ అయితే గీతలు వంపు తిరుగుతాయి, మీటరుకి 28.5 లాంటి సులువు లెక్క పనిచేయదు. ఎత్తులు ఒక్కొక్కటిగా చదవాల్సిందే. శుభలేఖ పట్టీ మాత్రం అక్కడా పనికొస్తుంది. సార్ చేసింది ఇంకా నా కాలిక్యులేటర్ కవర్లోనే ఉంది, వెనక వైపు ‘బంధుమిత్ర సపరివార’ దాకా కనిపిస్తుంది.