తలుపు తెరవబడింది: ఒక యువ రచయితకు లేఖ

ప్రియ మిత్రునికి ఆశీస్సులు.

మీ కథా, దాని అంచుల్లో మీ స్నేహితులు పెన్సిలుతో రాసిన సూచనలూ నిన్న చేరాయి. వారు గుర్తు పెట్టిన వాక్యాల్లో వ్యాకరణ దోషం ఉన్నది ఒక్కటీ లేదు, అయినా ప్రతిచోటా "సహజంగా లేదు" అని రాశారు. తప్పు లేనప్పుడు వీటిని మార్చాలా, మారిస్తే ఎంతవరకు మార్చాలి అని మీరు అడిగారు. మీ కథలోని వాక్యాలనే ముందు పెట్టుకుని, నాకు తోచినది రాస్తున్నాను.

సులువైన దానితో మొదలుపెడతాను. "ఆ ఇల్లు మూడు గదులను కలిగి ఉంది" అని రాశారు. మన ఇళ్ళలో ఎవరూ ఇలా అనరు. "ఆ ఇంట్లో మూడు గదులున్నాయి" అంటారు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనిది ఏమైనా ఉందా అని వెతకండి. ఏమీ కనబడదు. గదులు మూడే, ఇల్లు అదే, చెబుతున్న మనిషి చూపు కూడా అదే. ఇలాంటి చోట మార్పు కేవలం మాటకు సంబంధించినది కాబట్టి సందేహించకుండా మార్చేయండి.

కష్టమంతా అయిదో పుటలో ఉంది. ఇల్లు విడిచి వెళ్ళిన కుర్రవాడు మూడేళ్ళ తరువాత రాత్రిపూట తిరిగివచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. అక్కడ మీరు "తలుపు తెరవబడింది" అని రాశారు. మీ స్నేహితుల్లో ఒకరు దాన్ని కొట్టివేసి "తలుపు తీశారు" అని పైన రాశారు, ఇంకొకరు "ఎవరో తలుపు తీశారు" అన్నారు. వినడానికి రెండూ మీ వాక్యం కన్నా హాయిగా ఉన్నాయి, కానీ ఈ రెండింటిలో ఏది పెట్టినా మీ కథ కొంత మారిపోతుంది.

మీరు "బడింది" ఎందుకు వాడారో నేను ఊహించగలను. తలుపు తీసినది నాయనమ్మ అని తరువాతి పుటలో గాని పాఠకుడికి తెలియకూడదు. తెలుగు క్రియ చివర చూస్తే పని చేసినవారెవరో కొంత బయటపడుతుంది. "తీశాడు" అంటే మగవాడని తెలిసిపోతుంది, "తీసింది" అంటే ఆడమనిషి అని తెలిసిపోతుంది, "తీశారు" అంటే పెద్దవారో, ఒకరికన్నా ఎక్కువ మందో అనిపిస్తుంది. మీ కథలో పాఠకుడు అప్పటికే తండ్రి కోసం ఎదురుచూస్తున్నాడు కనుక "తీశారు" అనగానే తండ్రే వచ్చాడనుకుంటాడు. ఇక "ఎవరో" అన్న మాట వాక్యం ముందుకు వచ్చి నిలబడి, "ఎవరది?" అన్న ప్రశ్నను మీరు అడగకముందే అడుగుతుంది. కర్తను దాచాలన్న మీ ఆలోచన సరైనదే, దాచడానికి ఎంచుకున్న రూపం మాత్రం మన నోట పలకనిది.

కర్తను దాచడానికి తెలుగుకు తనదైన దారి ఉంది. "తలుపు తెరుచుకుంది" అంటే చాలు. గుమ్మం బయట నిలబడ్డవాడికి కనబడేది తలుపే, తీసిన చెయ్యి కాదు. ఆ మాట సరిగ్గా వాడి కంటితో చూస్తుంది. అయితే దీనికీ ఒక చిక్కు ఉంది. లోపల మనిషి ఉన్న జాడ లేకపోతే, తలుపు గాలికి తెరుచుకుందనో, దయ్యం కథ మొదలైందనో పాఠకుడు అనుకోవచ్చు. అందుకే ముందు ఒక చిన్న మాట చేర్చి చూడండి: "లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది." మనిషి ఉన్నాడని తెలిసింది, ఎవరన్నది మాత్రం తెలియలేదు. "తలుపు తెరిచి ఉంది" అని మాత్రం రాయకండి. అది వాడు వచ్చేసరికే ఉన్న స్థితిని చెబుతుంది, అప్పుడు గుమ్మం ముందు వాడు పడిన నిరీక్షణ అంతా వృథా అవుతుంది.

"బడు" కనబడిన ప్రతిచోటా దాన్ని పీకేయమని నేను అనడం లేదు. "కనబడింది", "వినబడింది" అన్నవి పుట్టుకతోనే మన మాటలు. మీ స్నేహితులు "దూరంగా రైలు కూత వినబడింది" అన్న వాక్యాన్ని కూడా గుర్తు పెట్టారు. అది వట్టి అలవాటు మీద పడిన గీత, పట్టించుకోకండి.

సహజత్వం కోసం అర్థాన్ని పోగొట్టిన పాపం నేనూ చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికలో వార్తలు దిద్దే పనిలో ఉన్నప్పుడు, పంట నష్టపోయిన రైతుల గురించి ఒక గ్రామీణ విలేఖరి "రైతులకు పరిహారం చెల్లించబడలేదు" అని రాసి పంపాడు. వాక్యం గరుకుగా ఉందని నేను దాన్ని "రైతులకు పరిహారం అందలేదు" అని మార్చి అచ్చుకు పంపాను. మర్నాడు ఆ విలేఖరి ఫోన్ చేసి, కోపం లేకుండానే, ఒక్క మాట అడిగాడు: "సార్, డబ్బు దారిలో ఆగిపోయిందని నేనెక్కడ రాశాను?" అతడు రికార్డులు చూసి వచ్చినవాడు, అసలు చెల్లింపే జరగలేదని అతడికి తెలుసు. "అందలేదు" అన్న మాట రైతు వైపు నుంచి చూస్తుంది కాబట్టి, డబ్బు పంపామని, బ్యాంకులో ఆలస్యమైందని చెప్పుకోవడానికి సంబంధిత కార్యాలయానికి దారి దొరికింది. ఆ దారి తీసింది నేను.

నేను చేయవలసిన మార్పు ఒక్క అడుగే. "రైతులకు పరిహారం చెల్లించలేదు" అంటే సరిపోయేది. "చెల్లించారు" అన్నప్పుడు కర్త జాడ క్రియలో ఉంటుంది గానీ, "చెల్లించలేదు" అన్నప్పుడు ఉండదు. నేను, నువ్వు, ఆమె, వారు, ఎవరికైనా అదే రూపం. కర్తను చెప్పకుండా ఉండడానికి వ్యతిరేక వాక్యంలో "బడు" అవసరమే లేదు. "బడ" అన్న రెండు అక్షరాలు తీసేస్తే పోయేదానికి నేను క్రియనే మార్చాను. అప్పటి నుంచి సరైన వాక్యం మీద చెయ్యి వేసే ముందు, గరుకుగా ఉన్న ముక్క ఎంతవరకో చూసి, అంతవరకే తీయడం అలవాటు చేసుకున్నాను. అంతకన్నా ఎక్కువ మార్చవలసి వస్తే, అది నుడికారం కోసం చేసే మార్పు కాదని, వాక్యం చెప్పే విషయమే మారుతోందని గుర్తించి, రాసినవారిని అడుగుతాను.

చివరిగా పన్నెండో పుట. "ఆ రాత్రి నాన్న తలుపు తీయలేదు" అని మీరు రాశారు. లయ బాగుంటుందని మీ స్నేహితుడొకరు దాన్ని "ఆ రాత్రి తలుపు నాన్న తీయలేదు" అని మార్చమన్నారు. రెండూ సరైన తెలుగే, రెండూ మనం మాట్లాడేవే. కానీ మనం నొక్కి చెప్పదలచినది సాధారణంగా క్రియకు ఆనుకుని కూర్చుంటుంది. "తలుపు నాన్న తీయలేదు" అనగానే, మరొకరు తీశారన్న ధ్వని వస్తుంది. మీరు చెబుతున్నది కుర్రవాడు ఇల్లు విడిచిన మొదటి రాత్రి గురించి. అప్పుడు తలుపు మూసే ఉంది, తండ్రి కదలలేదు, ఇంకెవరూ లేవలేదు. కాబట్టి ఆ పెన్సిలు గీతను చెరిపేసి, మీరు మొదట రాసిన వాక్యాన్నే ఉంచండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి