మొదటి కిరాయి ఈ రోజే కడితే ప్రస్తుత విలువ ఎంత?

*"హన్మకొండలో ఒక మడిగెను 5 ఏళ్లకు తీసుకున్నారు. ప్రతి ఏడాది మొదట్లో 1,20,000 రూపాయల కిరాయి, వడ్డీ రేటు 10 శాతం. ప్రస్తుత విలువ నాకు 4,54,894 వచ్చింది, ఆ ఆప్షన్ కూడా ఉంది. కానీ కీలో 5,00,384 ఇచ్చారు. ఎక్కడ తప్పాను?"*

మీ గుణకారం సరైనదే, కానీ వచ్చిన మొత్తం ఏ రోజు నాటి విలువో మీరు చూసుకోలేదు. పట్టికలోని 3.7908 ఏడాది చివర చెల్లించే ఆర్డినరీ యాన్యుటీ గుణకం. అది ఎప్పుడూ మొదటి చెల్లింపుకు సరిగ్గా ఒక ఏడాది ముందటి విలువనే ఇస్తుంది. ఇక్కడ మొదటి కిరాయి ఒప్పందం రోజే కడుతున్నారు కాబట్టి, 4,54,894 అనేది ఒప్పందానికి ఏడాది ముందటి విలువ. దాన్ని ఒప్పందం రోజుకు తెచ్చేందుకు 1.10తో గుణిస్తే 5,00,384 వస్తుంది.

డిగ్రీ చివరి ఏడాదిలో నేనూ ఇదే తప్పు చేశాను. అప్పుడే మా నాన్న వరంగల్‌లో ఒక మడిగె మాట్లాడుకుంటుండగా, నేను ఉత్సాహంగా పట్టిక తెరిచి మొత్తం కిరాయి విలువ లెక్కగట్టి చూపించాను. ఆయన కాగితం చూసి, "ఇయ్యాల చేతిల పెట్టే పైసలకు గూడ వడ్డీ తీసేసినవేందిరా?" అన్నారు. తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

ఒక గీత గీసి చెల్లింపులను 0, 1, 2, 3, 4 దగ్గర పెట్టి చూడండి. 0 దగ్గరిది పూర్తిగా 1,20,000గానే ఉంటుంది. మీ లెక్కలో మాత్రం చెల్లింపులు 1 నుంచి 5 వరకు జరిగిపోయాయి. నడిమి నాలుగూ రెండింటిలోనూ ఒకటే కాబట్టి, తేడా అంతా రెండు కొసల దగ్గరే ఉంటుంది: మీరు వదిలేసిన 1,20,000, అనవసరంగా కలిపిన ఐదో ఏటి 74,511. ఈ రెండింటి మధ్య తేడా 45,489. రౌండింగ్ వల్ల వచ్చే ఒక్క రూపాయి తప్ప, రెండు ఆప్షన్ల మధ్య ఉన్నదీ అంతే.

దిద్దుకునేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది, అది నేనూ చేశాను. 4 ఏళ్ల గుణకం 3.1699కు 1 కలిపి 4.1699 తెచ్చుకున్నాక, ఏడాది మొదట్లో కట్టే యాన్యుటీ డ్యూ కదా అని మళ్లీ 1.10తో గుణిస్తే దాదాపు 5,50,422 వస్తుంది. ఒకటి కలపడం, 1.10తో గుణించడం రెండూ ఒకే సవరణకు రెండు దారులు; ఏదో ఒకటే చేయాలి. ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే చివరి 1 మరవకండి, అది లేకపోతే మళ్లీ మీ పాత జవాబే వస్తుంది:

```
=PV(10%,5,-120000,0,1)
```

చెల్లింపు ఎప్పుడో ప్రశ్నలో చెప్పకపోతే ఏడాది చివర అనే తీసుకోవడం ఆనవాయితీ, అప్పుడు మీ 4,54,894 సరైన జవాబే. "మొదట్లో", "ముందుగా", "ఒప్పందం రోజున" వంటి మాట కనిపిస్తేనే 0 దగ్గర చెల్లింపు పెట్టాలి.