ఫొటో అంచున తెగిన మాట

అమ్మలూ,

తాతగారి దస్తావేజు నువ్వు టైపు చేసి పంపింది ఫొటోల పక్కన పెట్టుకుని చదివాను. రెండో పేజీలో తూర్పు హద్దు దగ్గర "వెంకటరామయ్య గారి మెట్ట" అని కొట్టావు, కానీ ఫొటోలో అంత లేదమ్మా. పెద్దది చేసి చూడు, "వెంకటరా" వరకే స్పష్టంగా ఉంది, తర్వాత వ లాంటి అక్షరం కుడి అంచున తెగిపోయింది, కింది లైను "గారి మెట్ట" అని మొదలవుతోంది. మ కుడి పక్క కొమ్ము తెగితే మిగిలేది వ లాగే ఉంటుంది, వు కొమ్ము తెగినా అంతే. అందుకని అది రామయ్య కావచ్చు, రాములు కావచ్చు, రావు కూడా కావచ్చు.

నేనూ ఒకసారి వేరే దస్తావేజులో ఇలాగే చేశాను. పక్క పొలం రామయ్యదని ఊళ్లో అందరికీ తెలుసు కదా అని పూర్తి చేసేశాను, తీరా రిజిస్ట్రేషన్ నకలు తెప్పిస్తే అందులో రావు అని ఉంది, పాత హక్కుదారు ఆయనే. నా కాపీ చూసి ఇంకో ఇద్దరు రామయ్య అనే రాసుకున్నారు, వాళ్లందరికీ ఫోన్ చేసి దిద్దించడానికి వారం పట్టింది.

నువ్వు "వెంకటరా[వ?...]" అని కొట్టు. కనిపించింది అలాగే, అనుమానం ఉన్న అక్షరం పక్కన ప్రశ్న గుర్తు, తెగిన చోట చుక్కలు. నీ ఊహ ఏదైనా ఉంటే పేజీ చివర విడిగా రాయి, లైనులో కలపకు. ఫోన్ కీబోర్డు రెండక్షరాలు కొట్టగానే మాట మొత్తం చూపిస్తుంది, ఈ పని చేసేటప్పుడు ఆ సూచనలు ఆపేసుకో.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. సర్వే నంబరు "21" దగ్గర ఫొటో ఆగింది, అది 21 కావచ్చు, 214 కావచ్చు, 21/2 కావచ్చు. "21[...]" అనే ఉంచు. సొమ్ము అంకెల్లో తెగి కింద అక్షరాలా పూర్తిగా ఉన్నా సరే, పైన తెగింది తెగినట్టే ఉండాలి.

అయితే లైను చివర మాట సగంలో ఆగిన ప్రతిచోటా తెగినట్టు కాదు, పాత చేతిరాతలో మాటను విరిచి మిగతాది కింది లైనులో రాసేవారు. కాగితం అంచు, పక్కన ఖాళీ ఫొటోలో కనిపిస్తుంటే అది విరిచిన మాటే, కింది లైనుతో కలిపి చదువుకో. అక్షరం ఫొటో చట్రానికి తగిలి ఆగితేనే తెగినట్టు. కింది అంచు తెగిన పేజీలో ఒత్తులు పోతాయి, "అమ్మి" అన్నది "అమి" లాగా కనిపిస్తుంది, అక్కడ కూడా అమి[...] అనే రాయి.

ముందు అన్నయ్యను అడుగు, ఫొటో తీశాక అంచులు కత్తిరించి పంపాడేమో. అలా అయితే అసలుది వాడి ఫోన్‌లోనే ఉంటుంది. లేకపోతే కాగితం చుట్టూ బల్ల కనిపించేలా మళ్లీ తీయమను.

మీ పెదనాన్న