చిలుము పట్టిన కంచు విగ్రహం పాతదేనా?

"అడుగు ఎత్తు వేణుగోపాలస్వామి కంచు విగ్రహం, తరతరాలుగా పూజలో ఉందని, రెండు వందల ఏళ్లదని అమ్ముతున్నారు. ఒళ్లంతా పచ్చని చిలుము, చంక కింద నుంచి నడుము దాకా సన్నని గీత. నమ్మవచ్చా?"

నాకైతే ఆ గీత మీదే అనుమానం, అండి. మన స్థపతులు మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి, లోహం పోస్తారు. ఆ మట్టి అచ్చును పగలగొట్టే విగ్రహం తీస్తారు కాబట్టి అతుకు గీత పడదు. పక్కల వెంట సాగే గీత రెండు ముక్కల అచ్చుకు గుర్తు. అయితే గీత లేనంత మాత్రాన పాతదని కాదు; తమిళనాడులోని స్వామిమలైలో నేటికీ ఈ మైనపు పద్ధతే.

చిలుము కథా పొసగడం లేదు. నిత్యం అభిషేకం, తోముడు జరిగిన విగ్రహానికి ముక్కు, మోకాళ్లు అరిగి నునుపెక్కుతాయి, వీపు వైపు చెక్కడం పదునుగా మిగులుతుంది. పచ్చదనం ఎక్కువగా భూమిలో ఉన్నవాటికి పడుతుంది. దూదిని అసిటోన్‌లో ముంచి పీఠం అడుగున రుద్దండి. రంగు అంటితే పూత. సహజ చిలుము కింద తరచుగా ఎర్రని పొర ఉంటుంది.

భూతద్దంతో నగల మడతలు చూడండి. ఒకే వెడల్పు సమాంతర గీతలుంటే మోటారు పనిముట్టువి.

ఇవన్నీ దాటితే, కొనే ముందు పురావస్తు నమోదు పత్రం అడగండి. వందేళ్లు దాటిన విగ్రహం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది.